"నేనున్నాను" అన్న పెట్టె

ఆసుపత్రి నేలమాళిగలోని చల్లటి గదిలో, ఇనుప చట్రంలో ఒకదాని కింద ఒకటి రెండు రౌటర్లు ఉండేవి. వాటిని బిగించిన నెట్‌వర్క్ ఇంజనీరు పైదాన్ని పెద్దోడనీ, కిందిదాన్ని చిన్నోడనీ పిలిచేవాడు. వార్డుల్లోని ఏ పరికరమైనా బయటికి పోవాలంటే ఒకే గేట్‌వే చిరునామా తలుపు తట్టాలి. అది ఇద్దరిలో ఎవరి సొంతమూ కాదు, ఉమ్మడిది. అక్కణ్ణుంచి బయటికి పోయే తీగ మాత్రం ఎవరిది వాళ్లదే. పెద్దోడు ఆ చిరునామాను మోస్తూ, సెకనుకోసారి "నేనున్నాను" అని చిన్నోడికి కబురు పంపుతుంటాడు. మూడు సెకన్లు దాటినా కబురు రాకపోతే చిన్నోడు ఆ బరువును తన నెత్తికెత్తుకుంటాడు. వార్డులో ఎవరికీ తేడా తెలియదు.

పరీక్ష నాడు అతను అందరి ముందూ పెద్దోడి కరెంటు ప్లగ్గు పీకాడు. చిన్నోడు వెంటనే అందుకున్నాడు. అధికారులు భేష్ అన్నారు. అక్కడితో పరీక్ష అయిపోయింది.

ఏడాది తర్వాత అతని అక్క అదే ఆసుపత్రిలో, అంటువ్యాధుల వార్డులో, అద్దాల గదిలో పడుకుని ఉంది. బావ ఓడలో మెకానిక్కు, నడిసముద్రంలో ఉన్నాడు. ఓడలో అతని వంతుకు రోజూ మూడింటి నుంచి మూడున్నర వరకే ఫోను దొరికేది. ఆ అరగంట అక్క మంచం పక్కన స్టాండుకు బిగించిన ట్యాబ్లెట్‌లో ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు.

ఆ రోజు నాలుగింటికి అక్క గొంతులో గొట్టం వేస్తామన్నారు. వేశాక మాట ఉండదు. మళ్లీ ఎప్పుడు వస్తుందో డాక్టరు చెప్పలేదు.

మూడూ అయిదుకు బయట రోడ్డు తవ్వేవాళ్ల గునపం పెద్దోడి బయటి తీగ మీద పడింది.

వార్డు నుంచి నర్సమ్మ ఫోను చేసింది. "సార్, బొమ్మ ఆగిపోయింది."

అతను రౌటర్ల తీరు చూపించే తెర ముందు కూర్చున్నాడు. పెద్దోడు పచ్చగా వెలుగుతున్నాడు. చిన్నోడు కుదురుగా కాచుకుని ఉన్నాడు. అంతా సవ్యంగానే ఉందనుకుని, లోపం వైఫైలో ఉందేమోనని పైఅంతస్తుకు పరుగెత్తాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. ఇరవై నిమిషాలు గడిచాక గానీ అతనికి తట్టలేదు. పెద్దోడికి బయటి దారి తెగింది, లోపలి దారి తెగలేదు. అందుకే "నేనున్నాను" అంటూనే ఉన్నాడు, వార్డు పంపిందంతా పుచ్చుకుని పారబోస్తున్నాడు. ఆ కబురు వింటున్నంతసేపు చిన్నోడు కదలడు.

పెద్దోడి ప్లగ్గు పీకేశాడు. నాలుగు సెకన్లలో దారి తెరుచుకుంది. అప్పటికి మూడూ ఇరవై ఎనిమిది. మిగిలిన రెండు నిమిషాలూ బావ ఒక్కడే మాట్లాడాడు. అలసిపోయిన అక్క కళ్లు తెరవలేదు.

మూడో రోజు ఆమె పోయింది.

రెండు వారాలకు ఓడ దిగిన బావ నేరుగా నేలమాళిగకు వచ్చాడు. కుర్చీ ఇస్తే కూర్చోలేదు.

"ఏరా బావమరిదీ, చెడిపోతే రెండోది చూసుకుంటుందని మీ అక్క దగ్గర గొప్పలు పోయావటగా?"

"అవును బావా."

"మరి?"

"ప్లగ్గు పీకి చూశాను. బయటి తీగ పీకి చూడలేదు. ఆ తీగ మీద కన్నేసి ఉంచి, తెగితే ఆ కబురులోనే నీ స్థాయి తగ్గించి చెప్పుకోమని పెద్దోడికి చెప్పాల్సింది. అప్పుడు వాడు తనకన్నా తగ్గాడని చిన్నోడు తనే పైకొచ్చేవాడు. చెప్పడానికి రెండు వరుసలు చాలు బావా. నేను రాయలేదు."

"ఇప్పుడు?"

"మర్నాడే రాశాను."

బావ ఆ పెట్టెలకేసి చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని ఇంజనీరుకు అనిపించింది.

"తెర ఆగిపోయాక మీ అక్క ఏం చేసింది?"

ఇదొక్కటీ అడగకపోతే చాలని అతను రెండు వారాలుగా కోరుకుంటున్నాడు. నర్సమ్మ అతనికి అంతా చెప్పింది.

"మాట్లాడుతూనే ఉంది బావా. తెర మీద నీ మొహం అలాగే నిలిచిపోయింది. నువ్వు వింటున్నావనుకుంది. కాదని చెప్పడానికి నర్సమ్మకు నోరు రాలేదు."

"ఎంతసేపు?"

"పావుగంట దాకా."

"ఏం చెప్పింది?"

"మాస్కులోంచి నర్సమ్మకు సగం అర్థం కాలేదట. పాప ఫీజు సంగతి, నీ మోకాలి నొప్పి సంగతి. ఏవో పాత మాటలు. చివర్లో నవ్విందట. పెళ్లయిన ఇన్నేళ్లకు మధ్యలో అడ్డం రాకుండా విన్నావు, ఇంక నాకేం బెంగ లేదు అందట."

బావ మొహం తిప్పుకున్నాడు. పెట్టెల ఫ్యాన్లు ఒకే తీరుగా రొద చేస్తున్నాయి. బావ చట్రం అంచు పట్టుకుని, మెల్లగా నేల మీద కూర్చున్నాడు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు. "మొదట్నుంచి. నేను అడ్డం రాను."