తిట్లు తీసేశాక

గోదాములకు తూకం యంత్రాలు అమ్మే కంపెనీ అది. చేజారిన ఆర్డర్ల గురించి సేల్స్ వాళ్ళు చాట్ గ్రూపులో కక్కిన అక్కసునంతా వడగట్టి, నెలాఖరు సమీక్షకు నిష్పాక్షికమైన వ్యాఖ్యలుగా రాయడం కోఆర్డినేటరు పని. ఆ గ్రూపు చదివితే ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఎందుకు పుట్టిందో తెలిసిపోతుంది.

"వాడొట్టి పిసినారి. మన ధర చూసి పారిపోయాడు" అని రాశాడు అందరూ తుఫాను అని పిలిచే కుర్ర సేల్స్‌మన్. కోఆర్డినేటరు అతనికి ఫోన్ చేసింది.

"ధర ఎక్కువని ఆయన అన్నాడా, నువ్వనుకున్నావా?"

"నేనే అనుకున్నానక్కా."

"మరి ఆయనేమన్నాడు?"

"మీ కొటేషన్ ఎప్పుడొస్తుందని నాలుగుసార్లు అడిగాడు. డిస్కౌంటుకి మేనేజరు గారి అనుమతి రాలేదుగా."

ఆవిడ తిట్టు తీసేసి ఇలా రాసింది: "కస్టమర్ 4న కొటేషన్ అడిగారు. 5న డిస్కౌంటు అనుమతి కోరాం. 20న వచ్చింది. 18నే కస్టమర్ వేరే సంస్థకు ఆర్డర్ ఇచ్చారు. ధర వల్ల అని కస్టమర్ చెప్పలేదు."

ఆ నెల పోయినవి ఏడు ఆర్డర్లు. ఐదింటిలో ఇదే కథ.

సమీక్షకు ముందురోజు మేనేజరు ఆవిణ్ణి పిలిచాడు. "ఇంత కటువుగా రాశావేంటమ్మా?"

"ఒక్క కటువు మాట కూడా లేదండి. తేదీలే."

"అదే కదా నా బాధ. పిసినారి అన్న ఆ మాటేదో ఉంచితే అందరూ దాన్నే చూసేవాళ్ళు. పోనీ, మార్కెట్ పరిస్థితులు అని రాయి."

ఏడాది చివర ఆవిడ పనితీరుకు మార్కులు వేసేది ఈయనే. అయినా ఆవిడ, "ఆ పదిహేను రోజులూ ఎందుకు పట్టిందో చెప్పండి. అదీ రాస్తాను," అంది.

మేనేజరు ముఖం విప్పారింది. అనుమతి కోసం తనూ ఫైనాన్స్ గుమ్మం దగ్గర పడిగాపులు పడ్డానని చెప్పి, పాత మెయిళ్ళన్నీ తీసి చూపించాడు. ఆవిడ అన్నీ సరిచూసుకుని, "ఇందులో పన్నెండు రోజులు ఫైనాన్స్ విభాగంలో" అని చేర్చింది.

మర్నాడు డైరెక్టరు ఐదు వ్యాఖ్యలూ పైకి చదివాడు. తిట్టుంటే బదులు తిట్టవచ్చు. తేదీని ఏమని తిడతారు? ఐదు శాతం లోపు డిస్కౌంటుకు ఇకపై ఎవర్నీ అడగక్కర్లేదని తేల్చి డైరెక్టరు లేచి వెళ్ళిపోయాడు. తుఫాను ఆ మధ్యాహ్నమే రెండు కొటేషన్లు పంపేశాడు.

సాయంత్రం లిఫ్టు దగ్గర ఫైనాన్స్ అధికారి కోఆర్డినేటరుకు అడ్డంగా నిలబడ్డాడు. "అమ్మా, ఆ పన్నెండు రోజుల్ని కొంత సమయం అని మార్చకూడదూ?"

"కొంత అంటే ఎన్ని రోజులండీ?" అని అడిగి, ఆవిడ నిజంగానే పెన్ను తీసింది.