ఇటు చూపిస్తే అటూ చూపాలి

2008లో హిందూపురంలోని నా నెట్ సెంటర్ నుంచి ఒక బెంగళూరు కాల్ సెంటర్ వెబ్‌క్యామ్ ఇంటర్వ్యూలు చేసేది. కాపీ కొట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. షాహిస్తా రావడానికి నెల ముందు ఒకడు చొక్కా చేతిలోంచి ఇయర్‌ఫోన్ చెవికి లాక్కుని, బయట నిలబడ్డ వాళ్లన్న ఫోన్లో చెప్పే జవాబులు అప్పజెప్పాడు. అప్పటినుంచి అందరికీ ఒకటే పద్ధతి. ముందే చెప్పి ఫోన్ బయట పెట్టించేదాన్ని, కెమెరా గదంతా తిప్పి చూపించేదాన్ని, చెవులు చూసేదాన్ని. ఆడపిల్లలనైతే వెనక గదిలో చూసేదాన్ని.

పక్కనే ఉన్న పరిగి నుంచి వచ్చిన షాహిస్తానూ అలాగే చూశాను. దుపట్టా తానే తీసి చూపించి, మళ్లీ తలమీద కప్పుకుంది. ఈ ఉద్యోగం రాకపోతే ఫీజు కట్టలేక ధర్మవరంలో మేనమామ అంగట్లో కూర్చోవాల్సిందేనని, చదువు అక్కడితో ఆగిపోతుందని చెప్పింది.

రెండో ప్రశ్నకే అవతలి మేనేజరు కసిరాడు. "పెదాలు కదులుతున్నాయి. పక్కన ఎవరో గుసగుసగా చెప్తున్నారు. మీ ఊళ్లో అందరూ ఇంతేనా? ఆ దుపట్టా తీయమనండి."

"చూసేసినా సార్. ఏమీ లేదు," అన్నాను.

"నా ముందు తీయాలి."

నాకు తిక్కరేగింది. "మొగోళ్లనెవరినీ ఇట్లా అడగలేదే. అనుమానముంటే ఆయమ్మి చెప్పిన జవాబు మీదే ఇంకో ప్రశ్న వేయండి. చెప్పిచ్చేవాడుంటే ఆడ దొరికిపోతాడు."

షాహిస్తా నావైపు తిరగలేదు. "అక్కా, నేను ప్రశ్నను తెలుగులో ఒకసారి అనుకుంటా. అప్పుడే ఇంగ్లీషు వస్తాది. బడిలోనూ అంతే," అంది. తర్వాత కెమెరాలోకి చూసి ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"సార్, నా గది చూపించాను. మీ గది కూడా ఒకసారి చూపించండి."

ఆయన నవ్వాడు. "ఇక్కడ నేనొక్కణ్ణే."

"అయితే చూపించండి."

పక్కనున్నవాళ్లు కనబడరనుకున్నాడేమో, పంతానికి పోయి కెమెరా విసురుగా తిప్పాడు. పక్కకు తప్పుకునే వ్యవధి కూడా వాళ్లకివ్వలేదు. గోడవారగా ముగ్గురు కూర్చున్నారు. ఒకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. ఇంకొకడు చీటీ మీద తర్వాతి ప్రశ్న రాసి మేనేజరు వైపు జరుపుతున్నాడు. మూడో ఆవిడ మాత్రం తలదించుకుంది.

చీటీ చూసి నేను కెమెరా ముందుకు వచ్చాను. షాహిస్తా గొంతు మాత్రం పెరగలేదు.

"నాకు చెప్పిచ్చేవాళ్లు లేరు సార్. మీకున్నారు. ఇప్పుడు అడగండి."

మేనేజరు కుర్చీ వెనక్కి నెట్టి లేచిపోయాడు. తలదించుకున్న ఆవిడే ముందుకు వచ్చి, తన పేరు చెప్పి, గదిలో ఎవరెవరున్నారో చెప్పి, మళ్లీ మొదటినుంచి అడిగింది. ప్రతి జవాబు మీదా ఇంకో ప్రశ్న వేసింది. షాహిస్తా ప్రతిసారీ తెలుగులో అనుకుని, ఇంగ్లీషులో చెప్పింది.

ఉద్యోగం వచ్చింది. ఆ కంపెనీ మళ్లీ నా సెంటర్‌కు ఒక్క ఇంటర్వ్యూ కూడా ఇవ్వలేదు.