బ్రాకెట్ అతుకు

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు మాణిక్ కుటుంబ గ్రూపులో ఒక ఫోటో పెట్టాడు. కోహీర్ దాపున ఆడపిల్లల హాస్టల్ వెనక అతను కొత్తగా కట్టిన నీళ్ల ట్యాంకు స్టాండు అది. అక్క భర్త చేసిన పని గదా అని ప్రవీణ వంటింట్లో నిలబడే బొటనవేలు పైకెత్తిన బొమ్మ పంపబోయింది. అంతలో అలవాటు కొద్దీ వేళ్లతో ఫోటోను పెద్దది చేసింది.

ఆమె జహీరాబాద్‌లో ఇనుప ట్రాలీలు చేసే షెడ్డులో తనిఖీ మనిషి. ఆరేళ్లుగా అతుకులు చూడడమే ఆమె పని. మాణిక్‌కు చిరాగ్‌పల్లిలో రోడ్డు పక్కన సొంత వెల్డింగ్ దుకాణం ఉంది.

ఫోటోలో స్టాండు కాలు ఒకటి దగ్గరగా కనబడుతోంది. ఆ కాలికి అడ్డంగా బిగించిన పట్టీని కాలి మీద పడేలా వేసి, అంచు వెంట వెల్డు చేశారు. అది లాప్ జాయింటు. పట్టీ చాలినంత దూరం కాలి మీదికి వచ్చింది, వెల్డు కూడా అలలు అలలుగా, నిండుగా ఉంది. దానికి వంక పెట్టడానికి లేదు. కొంచెం పైన రెండు ఇనుప చానల్ ముక్కలను కొసకు కొస ఆనించి అతికారు. బట్ జాయింటు. అక్కడ వెల్డు పైన ఉబ్బెత్తుగా కూచుంది గానీ లోపలికి దిగిందన్న నమ్మకం కలగలేదు. కొసలు వాలుగా చెక్కి, మధ్య సన్నటి సందు వదిలి చేసి ఉంటే వేరే మాట. ఫోటో చూసి అంత తేల్చలేం.

ఆమెను ఆపింది అన్నిటికంటే పైనున్న అతుకే. ట్యాంకు దూలాలను మోసే బ్రాకెట్ కాలికి నిటారుగా తగిలే మూల. అక్కడ మూలను నింపుతూ ముక్కోణంగా వేసేది ఫిల్లెట్ వెల్డు. దాని నిండా నల్లటి చుక్కలు. చీమలు తవ్విన మట్టిలా గుంపులు గుంపులుగా చిల్లులు. పక్కన ఇనుము కొరికినట్టు సన్నటి గాడి.

ఆమె వెంటనే ఫోన్ చేసింది.

“బావా, గా ట్యాంకు నింపిన్రా?”

“ఇయ్యాల పదకొండు గంటలకు మోటరేస్తరు. ఎందుకు?”

“బ్రాకెట్ కాడ చిల్లులున్నయ్. వెల్డింగ్ రాడ్లు తడిసినయా?”

మాణిక్ గొంతు తగ్గించాడు.

“పోయిన వారం వానకు షెడ్డు కారింది. జర చెమ్మ పట్టినట్టుంది. పైపైన రెండు చిల్లులు, అంతేగా?”

“పైన కనబడేటియి తక్కువ బావా. లోపల గాలి బుడగలు ఎన్నున్నయో నీకు తెల్వది, నాకు తెల్వది. ఐదువేల లీటర్లంటే ఐదు టన్నులు. ఆ వెల్డు కోసి మళ్ల వెయ్యాలె.”

“సరే, చూస్త. నువ్వు ఫికర్ చేయకు.”

తొమ్మిదిన్నరకు రెండో ఫోటో వచ్చింది. అదే కాలు, అదే బ్రాకెట్. చిల్లు ఒక్కటి కూడా లేదు. వెండి రంగు మెరుస్తోంది. కింద మాణిక్ రాసిన మాట: “అయిపోయింది. ఇప్పుడు ఖుషేనా?”

వంటలో పడి ప్రవీణ ఆ ఫోటోను పది దాటాక గానీ చూడలేదు. నిజంగా మళ్లీ వెల్డు చేసి ఉంటే పైన అలలుండాలి. అక్కడ గోడలాగా నునుపుగా ఉంది. పైగా గంటలో బ్రాకెట్ కోసి, అతికి, రంగు వేయడం ఎవరి వల్లా కాదు. చిల్లుల్లో లప్పం కూరి పైన రంగు పూశాడు. మొదటి ఫోటోకంటే ఇది ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఇక ఎవరు చూసినా ఏమీ కనబడదు.

ఫోన్ చేస్తే మాణిక్ ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. హాస్టల్ నంబరు ఆమె దగ్గర లేదు. గ్యాస్ ఆపి స్కూటీ తీసింది. మబ్బు కిందికి దిగి ఉంది. అల్లం చేల మధ్య రోడ్డంతా బురద. వాన పడలేదు, గాలి కూడా లేదు.

ఆమె చేరేసరికి పదకొండుంబావు. గేటు బయటికే మోటరు హోరు వినిపించింది. హాస్టల్ వెనక్కి పరుగెత్తింది. ఆదివారం కావడంతో పిల్లలంతా బట్టలు పిండుకుంటున్నారు. బట్టలు ఉతికే బండలు సరిగ్గా స్టాండు కిందే ఉన్నాయి. పదిహేను ఇరవై మంది కిలకిలలాడుతూ నురుగు చల్లుకుంటున్నారు.

“పిల్లలూ, బయటికి రాండ్రి! బట్టలు ఆడనే ఇడిసిపెట్టున్రి!”

కేకకు వార్డెన్ మనోరమ వచ్చింది. “ఎవరమ్మా మీరు? పిల్లల్ని ఎందుకు బెదిరిస్తున్రు?”

“మేడం, ముందుగాల మోటరు ఆపున్రి. ఆ స్టాండు ఆగదు.”

“కంట్రాక్టరు పొద్దున్నే వచ్చి చూసిపోయిండు. రంగు కూడా ఏసిండు.”

“చూసిపోలే మేడం, దాచిపోయిండు. వాడు మా బావనే.” ప్రవీణ ఫోన్ ముందుకు చాపింది. “ఇది ఎనిమిదిన్నరకు. ఇది తొమ్మిదిన్నరకు. ఈ చుక్కలు ఏడికి పోయినయ్?”

మనోరమ రెండు ఫోటోలనూ మార్చి మార్చి చూసింది. గబగబా వెళ్లి మోటరు స్విచ్ కట్టేసింది.

హోరు ఆగగానే పైనుంచి ఒక శబ్దం వినిపించింది. టక్. కాసేపటికి మళ్లీ టక్. బ్రాకెట్ మూలలో వెండి రంగు వెంట్రుక వాసి మేర చీలి, లోపలి తెల్లటి లప్పం బయటపడింది.

“లోపల బాత్రూముల్ల, వంటింట్ల ఉన్న నల్లాలన్నీ తిప్పున్రి. నీళ్లు దిగాలె. ఇటు ఒక్కరు కూడా రావొద్దు,” అంది ప్రవీణ.

పిల్లలు బండలు వదిలి వరండా అవతలి కొసకు ఉరికారు. లోపల ఒక్కొక్క నల్లా తెరుచుకుంటున్న చప్పుడు. అందరూ వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ట్యాంకునే చూస్తున్నారు. పది నిమిషాలు. పదిహేను. టక్. ఇరవయ్యో నిమిషాన బ్రాకెట్ కాలి నుంచి ఊడింది. దూలం ఒక పక్కకు జారింది. ట్యాంకు ఒరిగి, వరండా కప్పు అంచుకు గుద్దుకుని ఆగింది. మూత ఎగిరి ఉతికే బండ మీద పడింది. మిగిలిన నీళ్లు పిండిన బట్టలను కాలువలోకి ఈడ్చుకుపోయాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. ఒక చిన్నపిల్ల మాత్రం ఏడుపు ఆపలేకపోయింది.

మనోరమ ఫోన్ చేస్తే మాణిక్ ముప్పావుగంటలో వచ్చాడు. వెంట అతని దగ్గర పని చేసే ముసలి వెల్డరు గురులింగప్ప. ఊడిన బ్రాకెట్‌ను ముసలాయన చేతిలోకి తీసుకుని అతుకు విరిగిన చోటు తిప్పి చూశాడు. లోపలంతా జల్లెడలా ఉంది.

“రాడ్లు ఎండబెడదం, వేడి చేద్దం అన్న బిడ్డా,” అన్నాడు ప్రవీణతో, మాణిక్ వైపు చూడకుండా. “టైం లేదన్నడు. నేను కూడ చేసిన. తప్పు నాది కూడ.”

మాణిక్ బండ మీద కూలబడ్డాడు. “లప్పం పెట్టినప్పుడు గూడ అనుకున్న ప్రవీణా, రేపొచ్చి మళ్ల ఏద్దం అని. దేవుని మీద ఒట్టు.”

ఆమెకు కొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ అంతకంటే ముందు అడగవలసింది ఒకటుంది.

“ఆ తడిసిన రాడ్ల డబ్బాతోని ఇంకేమేం చేసిన్రు?”

జవాబు గురులింగప్ప చెప్పాడు.

“ఇంకో రెండు స్టాండ్లు. ఒకటి చిరాగ్‌పల్లిల దాబా మీద. ఒకటి రాయికోడ్ అవతల, అంగన్‌వాడీ పక్కపొంటి.”

“నింపిన్రా?”

“నాలుగు రోజులాయె.”

దాబా యజమాని రెండో రింగుకే ఎత్తాడు. నీళ్లు వదిలేయమని, కింద ఎవరినీ కూచోనియ్యొద్దని మాణిక్ చెప్పాడు. తర్వాత రాయికోడ్ స్టాండు వాళ్ల నంబరు నొక్కి, అందరికీ వినబడేలా పెట్టాడు.

ఫోను మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.

“బండి తియ్యి,” అంది ప్రవీణ.