నలభై ఐదు లెక్కపెట్టేలోగా

నాచారంలో ఓ బిస్కెట్ల ఫ్యాక్టరీకి నేను స్టోర్స్ గుమాస్తాని. పేరు పట్టాభిరామయ్య. మాది తెనాలి. నోటి దురుసు పుట్టుకతోనే వచ్చింది, హైదరాబాదు నీళ్ళు పడినా తగ్గలేదు.

నా కుర్చీ పక్కనే సామాన్ల లిఫ్టు. మనుషులు ఎక్కేది కాదు. ఇనుప బోనులో యాభై కిలోల మైదా బస్తాలు ఇరవై నాలుగు పేర్చి తలుపు వేస్తే, తాడు చుట్టుకుంటూ మూడో అంతస్తుకు లాగుతుంది. పిండి కలిపేది అక్కడే. బోను కదలగానే మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోవడం నాకు అలవాటు. నలభై ఐదు అనేసరికి పైన ఠంగుమని ఆగేది. పదేళ్ళుగా అంతే. ఒక్కరోజు కూడా నలభై ఆరు కాలేదు.

రెండువేల ఆరు ఎండాకాలంలో దాని మోటారు కాలిపోయింది. కొత్తది తెమ్మని మా ఓనరు బుచ్చిబాబు గారు నన్ను రాణీగంజ్ పంపించారు. ఏడున్నర హెచ్‌పీ అని చీటీ మీద రాసుకుని వెళ్ళాను. కొట్టువాడు "ఆర్‌పీఎం ఎంత సార్? నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలి?" అని అడిగాడు. నేనేమన్నా తక్కువ తిన్నానా? "ఎక్కువ తిరిగేదే ఇవ్వవయ్యా, తక్కువ తిరిగేది నేనేం చేసుకోను?" అన్నాను. మోటారు పాతదానికన్నా చిన్నగా, ముద్దుగా ఉంది. నేను మోటార్ల బేరంలో కూడా ఘటికుడినే అనుకున్నాను.

బిగించింది ఫిట్టరు సాంబయ్య. మల్లాపూర్ నుంచి సైకిలు మీద వస్తాడు. జనగామ మనిషి, యాభై దాటాయి, మాట తక్కువ. కొత్త మోటారు కాళ్ళు పాత బోల్టులకు కుదరకపోతే రంధ్రాలు వేశాడు. ఇరుసు మందం ఒకటే కాబట్టి పాత పుల్లీ సరిగ్గా ఎక్కింది. ఖాళీ బోను రివ్వుమని పైకి పోయింది. బుచ్చిబాబు గారు మురిసిపోయి నా భుజం తట్టారు.

మర్నాడు పొద్దున బస్తాలు ఎక్కించారు. రెండు ట్రిప్పులు వెళ్ళింది. మూడో ట్రిప్పులో సగం దారిలో స్టార్టరు టక్కున పడిపోయి మోటారు ఆగిపోయింది. పన్నెండు వందల కిలోల మైదా మా నెత్తి మీద వేలాడుతూ నిలిచిపోయింది. బ్రేకు పట్టుకుంది కాబట్టి సరిపోయింది. సాంబయ్య బ్రేకు మీటను చేత్తో కొంచెం కొంచెం వదులుతూ బోనును కిందికి దించాడు. మోటారు మీద చెయ్యి వేసి, చురుక్కుమనడంతో తీసేశాడు. చల్లారాక మళ్ళీ ప్రయత్నిస్తే మళ్ళీ అదే కథ.

పైన మైదా అయిపోవచ్చింది. బుచ్చిబాబు గారు దిగివచ్చి కేకలు పెట్టారు. "కొత్త మోటారు తెచ్చిస్తే బిగించడం చేతకాలేదా? సాయంత్రానికి నడవకపోతే రేపట్నించి రావక్కర్లేదు సాంబయ్యా!"

నేనూ ఊరుకోలేదు. "అవునండీ, వస్తువు బంగారం లాంటిది. బిగింపులోనే ఏదో తేడా" అన్నాను.

ఓనరు వెళ్ళాక సాంబయ్య బేరింగులు చూశాడు, గేరుబాక్సులో నూనె చూశాడు, బెల్టు చూశాడు. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సారు, పాత మోటరున్నప్పుడు డబ్బ పైకి పోనీకి ఎంతసేపు పట్టేది? మీరు గిక్కడ్నే కూసుంటరు గద, యాదికున్నదా?"

"నలభై ఐదు సెకన్లు" అన్నాను టక్కున.

"మరి గిప్పుడు?"

పొద్దున కూడా అలవాటుగా లెక్కపెట్టాను. ముప్ఫైకే ఠంగుమంది. వేగం పెరిగిందని సంబరపడ్డానే తప్ప ఆలోచించలేదు.

"ముప్ఫై."

సాంబయ్య గచ్చు మీద చాక్‌పీసుతో రాయడం మొదలుపెట్టాడు. "డబ్బ నాలుగు వందల కిలోలు, మాలు పన్నెండు వందలు, మొత్తం పదారు వందలు. తొమ్మిది మీటర్లు నలభై ఐదు సెకన్లల అంటే నిమిషానికి పన్నెండు మీటర్లు. పదారు వందలను పన్నెండుతోని గుణించి, నాలుగున్నర వేలతోని భాగిస్తే హెచ్‌పీ వస్తది. నాలుగు పాయింటు రెండు చిల్లర. గేరుబాక్సు, తాడు, బెల్టు కలిసి పదిల నాలుగు పాళ్ళు తింటయి. మనకు మిగిలేది ఆరు పాళ్ళే. అందుకే నాలుగు చిల్లరకు మోటరు ఏడు చిల్లర పెట్టాలె. ఏడున్నర సరిపోయింది."

"మరి ఇప్పుడూ ఏడున్నరే కదయ్యా!"

"ముప్ఫై సెకన్లల అంటే నిమిషానికి పద్దెనిమిది మీటర్లు, సారు. గదే బరువు." పన్నెండు కొట్టేసి పద్దెనిమిది రాశాడు. లెక్క కింద పదిన్నర దాటి వచ్చింది.

ఆ అంకె వంక అలాగే చూస్తూ ఉండిపోయాను. బస్తా ఒక్కటి పెరగలేదు. ఎత్తు అంగుళం పెరగలేదు. పదిహేను సెకన్లు ముందు చేరాలన్నందుకు మోటారు ఇంకో మూడు హెచ్‌పీ అడుగుతోంది. పదేళ్ళు దాని పక్కనే కూర్చుని ఆ సంగతి తెలియలేదు నాకు.

సాంబయ్య తుక్కులోంచి పాత మోటారును దొర్లించి దాని మీది వివరాల రేకును గుడ్డతో తుడిచాడు. నిమిషానికి తొమ్మిది వందల అరవై చుట్లు. కొత్తదాని రేకు గోడవైపు ఉంది. అద్దం పెట్టి చదివాడు. పధ్నాలుగు వందల నలభై.

రాణీగంజ్ కొట్టు, అక్కడ నేనన్న మాట కళ్ళముందు కదిలాయి. సాంబయ్య నా ముఖం చూశాడు, అర్థమైపోయింది అతనికి. "ఏం ఫికర్ లేదు సారు" అన్నాడు. "నేను గూడ రేకు సూడలే."

మోటారుకున్న ఆరంగుళాల పుల్లీ తీసి, లేతు మీద నాలుగంగుళాలది తయారుచేసుకుని వచ్చాడు. నేను కాగితం మీద వేసి చూశాను. తొమ్మిది వందల అరవైని ఆరుతో గుణిస్తే ఎంతో, పధ్నాలుగు వందల నలభైని నాలుగుతో గుణిస్తే సరిగ్గా అంతే, బెల్టు మళ్ళీ పాత వేగంతోనే నడుస్తుంది! మనిషి మనసులోనే ఆ లెక్క వేసేసుకుని లేతు దగ్గరికి వెళ్ళాడన్నమాట. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. పుల్లీ ఎక్కించి, మోటారును వెనక్కి జరిపి బెల్టు బిగించాడు.

నాలుగు గంటలకు బుచ్చిబాబు గారు వచ్చారు. ఆయన అడుగుల చప్పుడు వినగానే సాంబయ్య చెప్పుకాలితో గచ్చు మీది లెక్కంతా చెరిపేశాడు. పద్దెనిమిది, పదిన్నర, అన్నీ. నా తప్పు దాచడానికే.

ఇరవై నాలుగు బస్తాలతో బోను కదిలింది.

"ఇప్పుడెలా నడుస్తోందయ్యా? అంటే పొద్దున సరిగ్గా బిగించలేదన్నమాటేగా!" అన్నారు బుచ్చిబాబు గారు. సాంబయ్య తలవంచుకుని బెల్టు వంకే చూస్తున్నాడు.

అప్పటికి మనసులో ఎనిమిది లెక్కపెట్టాను. పైకి చేరేలోగా చెప్పకపోతే ఇక జన్మలో చెప్పలేనని తెలిసిపోయింది.

"బిగింపులో తప్పులేదండీ. మోటారు తెచ్చింది నేను. కొట్టువాడు వేగం ఎంత అని అడిగితే, ఎక్కువ తిరిగేదే ఇమ్మన్నాను. తప్పు నాది. పొద్దున సాంబయ్య మీదకి తోసింది కూడా నేనే."

ఇంకా ఏవేవో చెప్పాను. గచ్చు మీద చెరిపేసిన అంకెలన్నీ వరసగా అప్పజెప్పాను. బుచ్చిబాబు గారు ఒకసారి నన్ను, ఒకసారి సాంబయ్యను చూశారు. పదహారు వందల కిలోలు మా తలల మీదుగా, చడీచప్పుడు లేకుండా, ఏ తొందరా లేకుండా పైకి పోతున్నాయి. అంత బరువు అంత నెమ్మదిగా లేవడం మొదటిసారి చూస్తున్నట్టు చూశాను. మాటల్లో పడి లెక్క తప్పిపోయాను.

పైన ఠంగుమంది.

"నలభై ఐదు, సారు" అన్నాడు సాంబయ్య. నా బదులు అతను లెక్కపెట్టాడు.