ఆపాల్సిన చోటు

మెకానిక్ ఉతికిన చొక్కాలను ఒక్కొక్కటే విదిలించి దండెం మీద ఆరేస్తున్నాడు. ఎన్నిసార్లు ఉతికినా జేబుల దగ్గర గ్రీజు మరక మాత్రం వదలదు. భార్య వచ్చి మోచేయి పట్టుకుని గుంజేదాకా ఆమె పిలుస్తున్నట్టే అతనికి తెలియలేదు.

"గొంతు చించుకుంటున్నాను బావా! నీ ఫోన్‌కి కంపెనీ వాళ్ళ జవాబు వచ్చింది."

ఆమె పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు. తడి చేతులు లుంగీకి తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు.

ఎదుటివాళ్ళ మాటల్ని తెర మీద అక్షరాలుగా చూపించే యాప్ అది. చెవులు మందగిస్తున్నాయని భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. గ్యారేజీ మామగారిది. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పలేని మనిషి ఆయన లెక్కలో మెకానిక్కే కాదు. ఇంతకుముందున్న పెద్ద మేస్త్రీకి వినికిడి తగ్గిందని తెలిసిన పూటే ఇంటికి పంపేశారు. అందుకే మెకానిక్ ఆ యాప్‌ను ఉచిత గడువు మీద తీసుకుని, ఫోన్‌ను బల్ల మీద ఆనించి, వచ్చినవాళ్ళ మాటలు దొంగచూపులతో చదువుకుంటూ నెట్టుకొచ్చాడు.

కొన్ని రోజులు వాడాక గాని గుర్తు రాలేదు, ఆ ఫోన్ ఒకప్పుడు మామగారిదని. అందులో స్టోర్ ఖాతా ఆయనది, దానికి తగిలించిన కార్డూ ఆయనదే. వెంటనే ఆయన ఖాతా తీసేసి తనది పెట్టుకున్నాడు. యాప్ చెరిపేశాడు. కంపెనీ వెబ్‌సైటులోకి వెళ్ళి అక్కడి తన ఖాతా కూడా మూసేయమని రాశాడు. పీడ వదిలిందనుకున్నాడు.

జవాబులో ఇలా ఉంది: 'మీ ఖాతా మూసేశాం. అయితే మీరు ఈ ప్లాన్‌ను ఫోన్‌లోని యాప్ స్టోర్ ద్వారా తీసుకున్నారు. దాన్ని మేము రద్దు చేయలేము. తీసుకున్నప్పుడు వాడిన స్టోర్ ఖాతాలోనే రద్దు చేసుకోవాలి.'

"ఇదేంటే? యాప్ వాళ్ళదే కదా, వాళ్ళు ఆపలేకపోవడమేంటి?"

"నువ్వు వాళ్ళ సైటులో నేరుగా తీసుకునుంటే వాళ్ళే ఆపేవాళ్ళు. స్టోర్‌లో తీసుకున్నావు. డబ్బు లాగేది స్టోరు. యాప్ పీకేసినా, సైటులో ఖాతా మూసినా స్టోరుకేం పట్టదు. గడువు దాటగానే కార్డు మీద పడుతుంది."

"స్టోర్‌లోనూ చూశాను. సబ్‌స్క్రిప్షన్లు ఏమీ లేవంది."

"నీ ఖాతాలో చూశావు. నాన్న ఖాతాలో తీసుకున్నది నీ ఖాతాలో ఎలా కనిపిస్తుంది? మహానుభావుడా, కారంతా విప్పి బిగిస్తావు, ఇది తట్టలేదా?"

అతనికి నవ్వు రాలేదు. మామగారు మెయిళ్ళ జోలికి పోరు. బ్యాంకు మెసేజ్ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని మరీ చదువుతారు, ఇది ఎందుకు కట్టయిందని ఇల్లంతా అడుగుతారు.

"గడువు ఎప్పటిదాకా?"

"ఎల్లుండి. ఒక రోజు ముందే ఆపాలట. ఇవాళే ఆపేద్దాం. నాన్న స్నానానికి వెళ్ళారు, ఆయన కొత్త ఫోన్ చార్జింగులో ఉంది. అందులో ఉన్నదీ ఆ ఖాతాయే."

ఇద్దరూ పిల్లుల్లా ముందుగదిలోకి వెళ్ళారు. ఆమె గుమ్మం వైపు తిరిగి నిలబడి ఫోన్ తెరిచింది. అతను ఎదురుగా నిలబడ్డాడు. స్నానాల గది వైపు నుంచి ఏ చప్పుడూ అతని చెవికి అందడం లేదు.

"నీళ్ళ చప్పుడు వినిపిస్తోందా?"

ఆమె తలూపింది. సెట్టింగులు, పైన మామగారి పేరు, దాని కింద సబ్‌స్క్రిప్షన్లు. ఉంది! యాప్ బొమ్మ, దాని పక్కనే 'మాటలు చదవండి' అన్న పేరు. అడుగున ఎర్రగా 'రద్దు చేయి'.

"నొక్కు, నొక్కవే!"

ఆమె నొక్కలేదు. వేలు గాల్లోనే ఆగిపోయింది. కళ్ళు అతని భుజం మీదుగా ఎక్కడికో చూస్తున్నాయి.

అతను వెనక్కి తిరిగాడు. మామగారు గుమ్మంలో ఉన్నారు, తల మీద తువ్వాలు. నోరు ఏదో మాట మధ్యలో తెరుచుకుని ఉంది. ఆ మాట ఎన్నోసారి అడుగుతున్నారో అతనికి తెలియదు. ఆయన ముఖం మాత్రం విసుగులోంచి మెల్లగా మరోలా మారిపోతోంది.

"మామయ్యా..." అన్నాడు. తన గొంతు ఎంత పెద్దగా వచ్చిందో కూడా తెలియలేదు.

ఆయన కూతురి చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. యాప్ పేరు చదివారు. అల్లుడి చెవి వైపు చూశారు. మళ్ళీ తెర వైపు చూశారు. దేన్నీ నొక్కకుండానే ఫోన్ ఆర్పి చొక్కా జేబులో వేసుకున్నారు. తువ్వాలు కుర్చీ మీద పడేసి, రోజూ అల్లుడు తీసుకెళ్ళే గ్యారేజీ తాళాలగుత్తి మేకు నుంచి తీసుకున్నారు. చెప్పులు తొడుక్కున్నారు.

మెకానిక్ భార్య పెదవుల వైపు తిరిగాడు. "వెళ్తూ ఏమన్నారు? ఏమన్నారే?"

"ఏమీ అనలేదు బావా."

తలుపు తెరిచే ఉంది. మామగారు అప్పటికే గేటు దాటి వీధిలోకి వెళ్ళిపోయారు.