పాపమ్మగారి పన్నెండున్నర శాతం

ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. ఉంగుటూరు మిషన్ స్కూల్లో నా దగ్గర భిన్నాలు నేర్చుకోనివాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో తక్కువ. విశ్వాసం మాస్టారు చెప్పారంటే ఇక తిరుగులేదని జనం అనేవారు. అలా అనిపించుకోవడం నాకు బాగా అలవాటైపోయింది. ఆ అలవాటే కొంప ముంచింది. నా కొంప మునిగినా బాగుండేది, మునిగింది పాపమ్మగారిది.

ఆవిడ మా స్కూలు హాస్టల్లో వంట చేసి రిటైరైంది. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. చేతికొచ్చిన డబ్బంతా, ఐదు లక్షల అరవై వేలు, బ్యాంకులో డిపాజిట్ చేసింది. ఏడు శాతం వడ్డీ, నెలకు మూడు వేల రెండు వందల చిల్లర. దానితోనే గడుపుకొనేది. ఆవిడ కోరికల్లా ఒక్కటే, ఇక చచ్చేదాకా ఒకళ్ల పొయ్యి ముందు నిలబడి వండకూడదని.

కిందటేడు మేలో ఓ ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక నన్ను ఆపి, "మాస్టారండీ, డిపాజిట్ గడువు తీరుతోందండీ. కాస్త ఎక్కువొచ్చేది ఏదన్నా చూసి పెడతారా?" అంది.

చూసి పెట్టాను. సుధర్మ పేపర్స్ అని అట్టపెట్టెల కాగితం చేసే కంపెనీ. షేరు ధర నూట పన్నెండు, ఏడాదికి షేరుకు పద్నాలుగు రూపాయల డివిడెండ్, అంటే లాభంలో పంచే వాటా. ధరతో డివిడెండ్‌ను భాగిస్తే పన్నెండున్నర శాతం! బ్యాంకు వడ్డీకి దాదాపు రెట్టింపు. ఆ అంకె కాగితం మీద రాసి రెండుసార్లు కింద గీత గీశాను.

కొనడానికి జూన్‌లో ఆవిడను తాడేపల్లిగూడెం తీసుకెళ్లాను. స్టేషన్ రోడ్డులో మేడ మీద షేర్ల ఆఫీసు, అక్కడ పనిచేసే రూబీ నా శిష్యురాలే. పాపమ్మగారు మెట్లెక్కి ఆయాసపడుతుంటే, "మీకెందుకండీ ఈ లెక్కలు, ఇక్కడ కూర్చోండి. ఓటీపీ వస్తే పిలుస్తాను" అని వరండాలో బల్ల చూపించి నేను లోపలికెళ్లాను.

రూబీ కంప్యూటర్లో కంపెనీ పాత లెక్కలు తీసి చూసింది. తర్వాత మెల్లగా అంది.

"మాస్టారండీ, రెండేళ్ల క్రితం ఈ షేరు రెండు వందలండీ. డివిడెండ్ అప్పుడూ పద్నాలుగే. అప్పుడు ఏడు శాతం. లవం కదల్లేదండీ, హారం తగ్గింది. కంపెనీ ఎక్కువ ఇస్తున్నట్టు కాదు, జనం భయపడి అమ్ముకుంటున్నట్టు."

"భయపడేవాళ్లు భయపడతారు. పద్నాలుగు ఇస్తోందా లేదా?"

"ఎక్కడ్నించి ఇస్తోందో చూడండి. షేరుకు లాభం ముందటేడు ఇరవై ఎనిమిది, పద్నాలుగు పంచారు, అంటే సగం. నిరుడు ఇరవై, డెబ్బై శాతం పంచారు. ఈ ఏడు లాభం పదే, అయినా పద్నాలుగు. నూటికి నూట నలభై పంచుతున్నారండీ. ఒక్క ఏడాది దెబ్బైతే పాత నిల్వతో సర్దుకోవచ్చు, ఇది వరసగా దిగుతోంది. పైగా వ్యాపారంలో వచ్చిన నగదు కొత్త యంత్రాలకే చాల్లేదు. అప్పు తొంభై కోట్ల నుంచి రెండు వందల అరవైకి పోయింది. ఇది నిలవదండీ. ఈవిడకు ఇది తప్ప వేరే లేదు కదా, డిపాజిట్లోనే ఉంచేయండి."

ఆ పిల్ల చెప్పిన ప్రతి ముక్కా నాకు అర్థమైంది. నా సిగ్గంతా అక్కడే ఉంది. అర్థం కాక పొరపాటు చేస్తే నన్ను నేను క్షమించుకుందును. పక్కన ఇద్దరు మిల్లు యజమానులు కూర్చుని వింటున్నారు. వాళ్ల ముందు నా శిష్యురాలు నాకు లవం, హారం చెప్పడమా? ఒళ్లు మండిపోయింది.

"నీకు శాతాలు నేర్పింది ఎవరే అమ్మాయ్? నన్నే పరీక్ష పెడుతున్నావా?" అని గట్టిగా అన్నాను. మిల్లు యజమానులు నవ్వారు. రూబీ తల వంచుకుని ఐదు వేల షేర్లకు ఆర్డరు పెట్టింది. పాపమ్మగారు బయటి నుంచే ఓటీపీ చెప్పింది.

సెప్టెంబరులో డెబ్బై వేలు పడ్డాయి. ఆవిడ అందులో ఏడు వేలు చర్చికి దశమభాగం ఇచ్చి, ఆదివారం అందరి ముందూ సాక్ష్యంలో నా పేరు చెప్పి దేవుడికి స్తోత్రం చేసింది. నేను మొదటి వరుసలో మెడ నిక్కించుకుని కూర్చున్నాను. అప్పు తెచ్చి పంచిన డబ్బులో దశమభాగమని తెలిసి కూడా.

ఈ ఏడు మేలో కంపెనీ లాభం షేరుకు నాలుగుకు పడిపోయింది. డివిడెండ్ రెండు రూపాయలన్నారు. షేరు అరవైకి దిగింది. ఆ రోజే వెళ్లి చెప్పాల్సింది. చెప్పలేదు. ఆవిడ ఎదురొస్తుందని గుడిలో పక్క తలుపు నుంచి బయటపడేవాణ్ణి. నాలుగు నెలలు అలా తప్పించుకు తిరిగాను, థూ.

ఈ సెప్టెంబరులో డివిడెండ్ డబ్బు పడ్డ వారం ఆవిడ గుడికి రాలేదు. అడిగితే, కొల్లేరు దగ్గర చేపల చెరువు మీద వంటకు కుదిరిందన్నారు. రెండు బస్సులు మారి, ఆటో ఎక్కి వెళ్లాను. గట్టు మీద రేకుల పాక, కట్టెల పొయ్యి. డెబ్బయ్యో ఏట పాపమ్మగారు పాతికమంది కూలీలకు అన్నం వారుస్తోంది. నన్ను చూసి కంగారుగా చెయ్యి తుడుచుకుంది.

"మీరెందుకొచ్చారండీ ఇంత దూరం? పదివేలే పడ్డాయండీ. నా రాత బాగోక మీకు మాటొచ్చేలా ఉందని నేనే ఎవరికీ చెప్పలేదు."

నన్ను కాపాడుతోంది! ఇంకొక్క క్షణం ఊరుకుంటే ఆ అబద్ధం కింద హాయిగా బతికేసేవాణ్ణి. ఊరుకోవాలనే అనిపించింది కూడా.

"మీ రాత కాదండీ," అన్నాను. "కొనేముందే రూబీ వద్దంది. కంపెనీ సంపాదించేది పది, పంచేది పద్నాలుగు అని చెప్పింది. అప్పులు పెరుగుతున్నాయనీ చెప్పింది. నేనే ఆ మాట చెవిన పెట్టలేదు."

ఆవిడ గంజి వారుస్తూ ఆగిపోయింది.

"ఆ అమ్మాయి ఇది చెప్పినప్పుడు నేనెక్కడున్నానండీ?"

"వరండాలో."

"మీరే కూర్చోమన్నారు." గిన్నె దింపింది. కోపంగా అరిచినా నాకు తేలిగ్గా ఉండేది. "నాకు శాతాలు రావండీ. కానీ ఇరవయ్యేళ్లు హాస్టల్లో నూట ఇరవై మందికి వండాను. నెలకు పది బస్తాలు వస్తుంటే పద్నాలుగు బస్తాలు వండితే, అవి అరువు బియ్యమైతే, ఎన్నాళ్లు నడుస్తుందో నాకు తెలియదా? ఆ ఒక్క మాట లోపలికి పిలిచి చెప్పుంటే, వద్దనేదాన్ని కదండీ."

ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, అర్థం చేసుకోగల మనిషిని గది బయట కూర్చోబెట్టాను.

ఆవిడ పీట ముందుకు జరిపింది. "కూర్చోండి. ఇప్పుడు చెప్పండి. ఎంత మిగిలింది, ఆ కంపెనీ ఎలా ఉంది, అంతా చెప్పండి. ఏదీ దాచొద్దు."

చెప్పాను. ఇవాళ్టి ధర యాభై ఎనిమిది చొప్పున రెండు లక్షల తొంభై వేలు. నాలుగు సంపాదించి రెండు పంచారు కాబట్టి ఈ రెండైనా లాభంలోంచే ఇచ్చారని, అప్పు మాత్రం తీరలేదని. ఆవిడ మధ్యమధ్య అడిగింది. నేను ఎప్పుడో వేసుకోవాల్సిన ప్రశ్నలే అన్నీ.

"అప్పు తీరేదాకా వాళ్లకే చాలదండీ, నాకేం పెడతారు? అమ్మేయండి. బ్యాంకులో వేస్తాను. ఏడాదికి ఇరవై వేలొస్తాయి. తక్కువైంది ఇక్కడ వండుకుంటాను."

"ఆ తక్కువ నేను నెలనెలా..." అన్నాను.

"వద్దండీ," అంది మెత్తగా. "ఆఫీసుకు నేనూ వస్తాను. ఈసారి నేను లోపల కూర్చుంటాను. ఆ అమ్మాయికి మీరేమన్నా చెప్పేదుంటే నా ముందు చెప్పండి."

కూలీలు పళ్లేలు పట్టుకుని వచ్చారు. ఆవిడ గరిటె తీసుకుని లేచింది. నేను ఆ పీట మీదే కూర్చుండిపోయాను. కాసేపటికి అందరితో పాటు నాకూ ఒక పళ్లెం పెట్టింది, తినక తప్పలేదు.