ఒక్క మాటలో దాటిన వానాకాలం

కన్నడ సీమలో తుర్విహాళ ఊరికి అవతల, కాలవ పక్కన గోదావరి జిల్లాల నుంచి వలస వచ్చినవాళ్లు కట్టుకున్న క్యాంపులో రోజూ మూడింటికి టీ పెడతారు. టీ తాగాక బుల్లెమ్మ అరుగు మీద కూర్చుని కథ చెబుతుంది. కథ ఆ క్యాంపుదే. మొదలుపెట్టింది ఆవిడ అత్తగారు, నిన్న ఆపిన చోటునుంచి ఇవాళ అందుకోవడమే తప్ప దానికి ముగింపు లేదు.

చెబుతున్నంతసేపూ క్యాంపులో కాలం ఆవిడ మాట వెంట నడుస్తుంది. "నాట్లు పూర్తయ్యాయి" అంటే పూర్తయినట్టే, ఆడవాళ్లు కాలవలో చేతులు కడుక్కుంటూ కనిపిస్తారు. అవే నాట్లను మనిషి మనిషినీ మాట్లాడిస్తూ చెప్పిందంటే ఆ పూటంతా నడుం వంచి ఉండాల్సిందే. ఏం జరగాలన్నది చెప్పేవాళ్ల చేతిలో లేదు. ఎంతసేపు జరగాలన్నదే ఉంది. కాలవకు నీళ్లు ఎప్పుడు వదులుతారో మన చేతిలో లేనట్టే ఇదీ అనుకుంటారు జనం. టీ చల్లారిపోతేనే గొడవ చేస్తారు.

మొన్న నారు తీసే రోజుల్లో బుల్లెమ్మ గొంతు పోయింది. గుసగుస తప్ప మాట రావడం లేదు. కథ మనవరాలు భావన చేతికి వచ్చింది. సింధనూరులో డిగ్రీ చదివిన పిల్ల, ప్రతి చిన్నదాన్నీ ముద్దు చేసుకునే రకం. మొదటిరోజే నారు తీయడానికి వచ్చిన బసమ్మతో మొదలుపెట్టి, ఆమె చీర ఎలా దోపుకుంది, వక్కాకు ఏ దవడకు పెట్టుకుంది, పక్కమనిషితో ఏమంది, ఆ మనిషి ఏమంది, అంతా వరసగా చెప్పుకుంటూ పోయింది. సూర్యుడు వేపచెట్టు కొసన ఆగిపోయాడు. బసమ్మ ఎంత నారు తీసినా చేతిలో ఆ మొదటి కట్టే ఉంది.

"ఏందమ్మా గిది? పొద్దు కదుల్తలేదు! ఇంట్ల రొట్టెలు చేసేదుంది నాకు. జల్ది ముగించు!" అని మడిలోంచే అరిచింది.

భావన కంగారుపడి, "రెండు నెలలు గడిచాయి" అనేసింది. పైరు పొట్టకొచ్చింది. కానీ ఎరువు వేసింది ఎవరికీ గుర్తులేదు, కలుపు తీసింది గుర్తులేదు. అందరూ కలలోంచి లేచినవాళ్లలా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

బుల్లెమ్మ మనవరాలిని దగ్గరికి పిలిచి చెవిలో చెప్పింది.

"ఏమవుతుందో తేలిపోయినదాన్ని దాటెయ్యి. తేలనిది ఉందా, అక్కడ కూర్చో. నారు తీస్తే నారు వస్తుంది, అందులో తేలాల్సిందేముందే?"

"దాటేస్తే ఎవరికీ ఏమీ గుర్తుండటం లేదు కదా మామ్మా."

"వట్టి చేతులతో దాటిస్తే ఏం గుర్తుంటుంది? దాటించేటప్పుడు చేతిలో ఒక వస్తువు పెట్టు."

ఆ తరవాత భావన దాన్ని పట్టుకుంది. "గింజ పాలు పోసుకుంది, గట్టు తెగితే గోనెసంచులు వేశారు, బసమ్మను జెర్రి కుట్టింది, చేను పసుపెక్కింది" అని నాలుగు ముక్కల్లో నెల దాటించింది. గట్టు మీద సంచులు ఉన్నాయి, బసమ్మ కుంటుతోంది, నెల గడిచిందని అందరికీ నమ్మకంగా ఉంది. బసమ్మ మాత్రం "ఆ జెర్రి నాకే గుట్టాల్నా?" అని మూతి ముడుచుకుంది. వరికోత మిషను ముందు ఎవరి చేలోకి దిగాలని అన్నదమ్ములిద్దరు తగాదా పడితే మాత్రం భావన దాటలేదు. మిషను వచ్చింది, టీలు తాగారు అని మొదలెట్టకుండా, తమ్ముడు మిషనుకు అడ్డంగా నిలబడ్డ చోట అందుకుంది. అన్న తలగుడ్డ దులుపుకుని "సరే, నీదే ముందు" అనగానే వదిలేసింది. కోతలు ఒక్క మాటలో అయిపోయాయి.

అప్పుడు వచ్చింది దేవిక, మూడో ఇంటి రమేష్‌బాబు భార్య.

"రేపు మా పుట్టింటికి వెళ్లిపోతున్నాను భావనా. మళ్లీ రాను. నాలుగింటి బస్సు. దయచేసి ఒక్క మాటలో చెప్పెయ్. నొప్పి తెలియకుండా పోతాను."

భావన అరుగు మీద జరిగి కూర్చుంది. "అన్నయ్య కొట్టాడా, తిట్టాడా వదినా?"

"అదేమీ లేదు. అసలు ఏమీ లేదు, అదే బాధ." దేవిక అరుగు అంచున కూర్చుంది. "మూడేళ్ల కిందట పాప పుట్టి పోయింది కదా. మామ్మగారు నా మీద జాలిపడి, ఆ వానాకాలం కష్టంగా గడిచింది, కోతలకల్లా తేరుకున్నారు అని దాటించేశారు. కళ్లు తెరిస్తే వాకిట్లో ధాన్యం ఆరబోసి ఉంది. కుట్లు మానిపోయాయి. ఏడ్చానో లేదో నాకే తెలీదు. ఆయనకీ తెలీదు. ఒకే ఇంట్లో ఉంటాం, అన్నం పెడతాను, తింటారు. ఆ వానాకాలంలోకి మాత్రం ఇద్దరం వెళ్లలేకపోతున్నాం."

ఆమె వెళ్లాక భావన అడిగింది. "వెనక్కి వెళ్లి ఆ వానాకాలం మళ్లీ చెప్పొచ్చా మామ్మా?"

బుల్లెమ్మ తల అడ్డంగా ఊపింది. "వెనక్కి కుదరదు. ఎవరైనా నోరు విప్పి చెప్పుకోవచ్చు, అంతే."

"అన్నయ్య చేత చెప్పించనా?"

"చెప్పించలేవే. చోటివ్వగలవు."

మర్నాడు మూడింటికి జనం అరుగు చుట్టూ చేరారు. అక్కణ్ణుంచి చూస్తే రోడ్డు, బస్సాగే చోటు కనిపిస్తాయి. భావన వంటనూ సర్దుకోవడాన్నీ ముందు దాటించింది. "వంట అయింది. చీరలన్నీ ఒకే సంచిలో పట్టాయి. ఇద్దరూ రోడ్డు మీదికి వచ్చారు." వచ్చారు. సంచి రమేష్‌బాబు చేతిలో ఉంది. సింధనూరు బస్సు కూడా వచ్చి ఆగింది.

ఇక్కణ్ణుంచి భావన నెమ్మదించింది.

"పాలు కాచి పెట్టాను," అంది దేవిక.

"ఊఁ," అన్నాడు రమేష్‌బాబు.

"గేదె నిన్నటి నుంచి సరిగ్గా మేయడం లేదు. చూసుకోండి."

"ఊఁ."

కండక్టరు సంచి అందుకోవడానికి చెయ్యి చాపాడు. దేవిక ఒక కాలు మెట్టు మీద పెట్టి అరుగు వైపు చూసింది. ఆ చూపు భావనకు అర్థమైంది. 'దేవిక బస్సెక్కి వెళ్లిపోయింది' అన్న మూడు మాటలు నాలుక చివర ఉన్నాయి. ఆ మనిషి అడుగుతోంది కూడా. భావనకు నిజంగా భయం వేసింది. ఆ మూడు మాటలూ అనలేదు. మెట్టు మీది మట్టిని చెప్పింది, కండక్టరు చాపిన చేతిని చెప్పింది, సంచి పిడి మీద బిగుసుకున్న రమేష్‌బాబు వేళ్లను చెప్పింది. అక్కడ ఆపేసి ఊరుకుంది.

కథ ఆగింది. బస్సు కదలడానికి లేదు. ఇంజను గుర్రుమంటోంది. లోపల కూర్చున్నవాళ్లు ఎవరూ తొందరపెట్టలేదు. పొద్దు మళ్లీ వేపచెట్టు కొసన నిలబడింది, ఈసారి బసమ్మ ఏమీ అనలేదు.

"పాపది నీ ముక్కే," అన్నాడు రమేష్‌బాబు.

దేవిక కాలు మెట్టు మీదే ఉండిపోయింది.

"నువ్వు చూడలేదు, మత్తులో ఉన్నావు. తువ్వాల్లో చుట్టి నా చేతికిచ్చారు. చెవులు నావి. ముక్కు మాత్రం అచ్చం నీదే." సంచిని రెండో చేతికి మార్చుకున్నాడు. "నీకు మెలకువ రాగానే చెబుదామనుకున్నాను. ఇంతలోకే కోతలొచ్చేశాయి."

దేవిక మెట్టు దిగింది. రోడ్డు పక్కన మట్టిలో కూర్చుని ఏడ్చింది. మూడేళ్ల ఏడుపది. రమేష్‌బాబు సంచి కింద పెట్టి పక్కన కూర్చున్నాడు. భావనకూ కళ్లనీళ్లు వచ్చాయి గానీ తొందరపడలేదు, ఆ ఏడుపు ఎంత పొడుగుందో అంత పొడుగూ ఉండనిచ్చింది.

చాలాసేపటికి దేవిక కొంగుతో మొహం తుడుచుకుంది.

"జుట్టుందా?" అని అడిగింది.

"బోలెడు," అన్నాడు రమేష్‌బాబు.

బుల్లెమ్మ మనవరాలి మోచేతిని మెల్లిగా గిల్లింది. భావన తలూపింది.

"బస్సు వెళ్లిపోయింది," అంది.